మా బాబాయి జబ్బుకి నేను పెట్టిన పేర్లు

ఒక మనిషి చేత రెండుసార్లు మందు మాన్పించిన ఘనుణ్ణి నేను. మందు వేయించడానికి డాక్టర్లు ఏళ్ళ తరబడి చదువుతారు. మాన్పించడానికి నాకు సైకాలజీ డిగ్రీ మొదటి సంవత్సరమే సరిపోయింది. ఎలాగో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో మా పిన్ని మాత్రం నవ్వలేదు.

పత్తిని పచ్చపురుగు తినేసిన ఏడాది అది. మా బాబాయి గట్టిగా పిలిస్తే పక్క ఊళ్ళో వాళ్ళు పలికేవాళ్ళు. అలాంటి మనిషి మాట మానేశాడు. చేనికి వెళ్ళడు, గడ్డం గీసుకోడు. అన్నం కలిపి, తినకుండానే లేచిపోతాడు. కోడి కూయకముందే లేచి కూర్చుంటాడు. పిన్ని పురుగుమందు డబ్బాలన్నీ వాళ్ళ అన్న కొట్టంలో పెట్టించి వచ్చింది. ఎందుకో నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇద్దరం కలిసి ఆయన్ని గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు గారికి చూపించాం. ఆయన నాతో విడిగా ‘డిప్రెషన్’ అన్నారు. బాబాయితో మాత్రం, “నరాలు అలిసిపోయినయ్. ఈ మాత్రలు పనిచెయ్యటానికి రెండు మూడు వారాలు పట్టుద్ది. తగ్గినా సరే, నేను చెప్పిందాకా మానొద్దు” అన్నారు. బాబాయి బుద్ధిగా వేసుకున్నాడు. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

వారం తర్వాత టీ కొట్టు దగ్గర ఎవరో ఆయన్ని పలకరించారు.

“ఏంది, చిక్కిపోయావ్?”

“నరాల వీక్‌నెస్ అంట. మందులు వాడతన్నా.”

నా చదువు ఊరుకోలేదు. “నరాలు కాదు బాబాయ్. దీన్ని మానసిక వ్యాధి అంటారు” అన్నాను, పది మందీ వినేలా. పుస్తకంలో అలాగే ఉంది మరి. పైగా సిగ్గుపడాల్సిన పని లేదని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. సిగ్గు అనే మాట అప్పటిదాకా ఎవరికీ తోచలేదు, నేనే గుర్తుచేశాను.

సాయంత్రానికి ఆ మాట ఊళ్ళో ‘మెంటల్’ అయింది, మర్నాటికి ‘పిచ్చి’ అయింది. మిరపకాయ కోతకు వచ్చే ఆడవాళ్ళు పిన్నిని పక్కకు పిలిచి, “మీ ఆయన కొడతాడా అక్కా?” అని అడిగారట. బాబాయి మాత్రల కవరు నా ముందు పడేశాడు.

“నాకు పిచ్చి అంటావురా?”

“పిచ్చి అనలేదు బాబాయ్, మానసిక...”

“మనసు చెడితే పిచ్చిగాక ఏందిరా?”

పిన్ని నన్ను చూసిన చూపుకి నా డిగ్రీ అక్కడికక్కడే రద్దయింది. కంగారుపడి బరువంతా ఒక్కసారే దించేశాను. “అబ్బే, అంత పెద్దదేం కాదు బాబాయ్. దిగులు, అంతే. టెన్షన్. అందరికీ ఉండేదే.”

బాబాయి ముఖం తేటపడింది. “మరి ముందే చెప్పొద్దా. దిగులుకి మాత్రలెందుకు? అదే పోద్దిలే.”

పిన్ని పోరు మీద రెండు రోజులు వేసుకుని, మళ్ళీ మానేశాడు.

నాలుగు రోజులకే మంచం దిగడం కూడా మానేశాడు. నాకు భయం వేసింది. నిజంగా వేసింది. బస్సెక్కి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

“ఒక పేరు బరువై మానేశాడు, ఇంకోటి తేలికై మానేశాడు. మూడో పేరు వెతకమాకు. ఎట్టా ఉందో ఆయన్నే అడుగు. అడిగి, విను.”

వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. “ఎట్టా ఉంది బాబాయ్?” అని అడిగి, చాలాసేపు నోరు కట్టేసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పరీక్ష రాయలేదు.

“దిగులు నాకు తెలుసురా” అన్నాడు చివరికి. “మీ తాత పోయినప్పుడు పడ్డా. ఏడిస్తే తగ్గింది. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లా. మిరప బాగా కాసిందంట. చూడబుద్ధి కావట్లా. ఇది దిగులు కాదు. పిచ్చీ కాదు. ఏందో నాకు తెలవదు.”

పిన్ని చెంగుతో కళ్ళు తుడుచుకుని మాత్ర, నీళ్ళు తెచ్చింది. “నిద్ర లేదు, ఆకలి లేదు. ఆ రెండూ రావాలి. వేసుకో.”

పేరు లేకుండానే వేసుకున్నాడు. డాక్టరు గారు ఇక చాలు అనేదాకా వేసుకున్నాడు.

మరుసటేడు అదే టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు. “అప్పుడు నీకేంది, మెంటల్ అన్నారుగా?”

నేను నోరు తెరిచాను. “నువ్వాగరా” అన్నాడు బాబాయి. “డిప్రెషన్ అంట, డాక్టరే చెప్పాడు. మందులు వాడా, తగ్గింది. ఏం, నువ్వు నిద్రపోతన్నావా?”

అడిగినవాడు నవ్వబోయి ఆగిపోయాడు. గ్లాసు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, “ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు?” అన్నాడు.

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఎవరి బాధకీ నేను పేరు పెట్టను. ఎంత గట్టి ఒట్టంటే, మా అమ్మాయి పుట్టినప్పుడు పేరు పెట్టే పని కూడా మా ఆవిడకే వదిలేశాను.