దబ్బనం అక్క చూసిన ఫోటో

"రేపు పాపని ఎత్తుకోలేకపోతే ఏం చెయ్యాలి?"

మా ఆవిడ ఆ మాట గోడవైపు తిరిగి అంది. పాప ఉయ్యాలలో ఏడుస్తోంది. తను లేవబోయి సగంలో ఆగిపోయింది. చెయ్యి నడుం మీద, మోకాళ్ళు మంచం పట్టె మీద. నేను పాపని ఎత్తుకుని వచ్చేలోపు తను మళ్ళీ వాలిపోయింది. పొద్దున లేచేటప్పుడే నొప్పి ఎక్కువ, తిరుగుతుంటే కాస్త తగ్గుతుంది. కాన్పయినప్పటి నుంచీ ఇదే వరస.

ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు చెప్పింది. చివర్లో, "మీ పరుపు ఎలాంటిది?" అని అడిగింది. మరీ గట్టిగా గానీ మరీ మెత్తగా గానీ కాకుండా మధ్యస్థంగా ఉంటే చాలామందికి బాగుంటుందట. నాకు జవాబు తెలియలేదు. ఆ పరుపు అద్దె ఇంటితో పాటు వచ్చింది. అది ఏ కంపెనీదో, ఎప్పటిదో ఇంటి ఓనరుకీ తెలియదు.

ఇంటికి వచ్చి దుప్పటి లాగి చూస్తే మూలన ఒక లేబుల్ ఉంది. ఉతుకులకు వెలిసిపోయి సగం అక్షరాలు లేవు. ఒక నెలవంక బొమ్మ, "...ల పాన్పు" అనే ముక్క, "ఆర్థో" అన్న మాట, సాంద్రత అంకెలో ఒక భాగం కనబడ్డాయి. ఫోటో తీసి నెట్లో వెతికితే ప్రతిసారీ వేరే పేరు వచ్చింది. నేను చదివింది రసాయనశాస్త్రం. నురుగు ఎలా పొంగుతుందో, దానిలో గాలి గదులు ఎలా ఏర్పడతాయో చెప్పగలను. ఆ చదువుతో మా ఆవిడని మంచం మీంచి లేపలేకపోయాను.

పరుపుల రిపేరు షాపులో దబ్బనం అక్కని అడగమని ఎదురింటావిడ చెప్పింది. పరుపులు కుట్టే ఆ పొడుగాటి సూది ఎప్పుడూ జాకెట్టు అంచున గుచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. లేబుల్ ఫోటో చూపిస్తే ఏ కంపెనీ పరుపో చెప్పేస్తుందట. తెలియని వాళ్ళు కూడా ఆవిడ ఫోనుకి ఫోటోలు పంపుతారట.

అక్క షాపులో కుర్చీ లేదు. పరుపుల దొంతర మీదే కూర్చోవాలి. గోడ నిండా పాత లేబుళ్ళు వరసగా అతికించి ఉన్నాయి. అక్క తండ్రి దూది ఏకేవాడు. ఆ దూది పరుపుల మీద వంగి కుట్టడం చిన్నప్పుడే నేర్చుకుంది. తర్వాత కొబ్బరిపీచు పరుపులు, ఆపైన నురుగు, స్ప్రింగులు వచ్చాయి. తెచ్చిన ప్రతి పరుపునీ విప్పి కుట్టడం అక్క బతుకయింది. భర్త ట్రాలీ ఆటోలో పరుపులు తీసుకొచ్చి దించుతాడు.

ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"వెన్నెల పాన్పు. నెలవంక పక్కన మూడు చుక్కలున్నాయి చూశావా, వేరే ఎవరికీ ఉండవు. కంపెనీ మూతపడింది తమ్ముడూ."

"నడుం నొప్పి మనిషికి మంచిదేనా అక్కా? ఆర్థో అని రాసి ఉంది."

"ఆర్థో అని ఎవడైనా రాసుకోవచ్చు. ఈ లేబుల్ పట్టీ అచ్చేసేవాడి ఇష్టం."

"సాంద్రత అంకె ఉంది కదా?"

"అది ఉంటే ఎన్నాళ్ళు మన్నుతుందో కొంత తెలుస్తుంది. మెత్తనో గట్టిదో దాన్ని బట్టి చెప్పలేం. చదువుకున్నోడివి, నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాను. "ఎవరైనా కాదంటే బాగుండునని అడిగాను."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. ఫోటోని మళ్ళీ దగ్గరకి లాక్కుంది. లేబుల్ అంచు చుట్టూ ఉన్న కుట్టు మీద గోరు పెట్టి నడిపించింది. మొహంలో వెలుగు పోయింది.

"ఈ కుట్టు కంపెనీది కాదు. నాది."

నాకు అర్థం కాలేదు. అక్క నెమ్మదిగా చెప్పింది. పాత పరుపు తెచ్చినవాళ్ళు లోపలి నురుగు మార్పించి, కొత్త గలీబు వేయించుకుంటారు. కానీ పాత లేబుల్ మాత్రం పారేయనివ్వరు. అది లేకపోతే ఊరూ పేరూ లేని సరుకులా కనబడుతుందని బాధపడతారు. అందుకని అక్క దాన్ని కత్తిరించి, కొత్త గలీబు మీద మళ్ళీ కుట్టి ఇస్తుంది. మూల దగ్గర కుట్టు రెండుసార్లు మెలి తిప్పడం ఆవిడ అలవాటు.

"అంటే లోపల ఉన్నది వెన్నెల పాన్పు కాదా?"

"పైన పట్టీ ఒకటే దానిది."

"మరి లోపల ఏం పెట్టారు?"

"గుర్తుంటే చెప్పనా తమ్ముడూ? ఎవరు ఏది అడిగితే అది పెట్టాను. అది ఏ నడుం కింద పడుతుందో నేనెప్పుడైనా అడిగానా?"

బయట ఆటో దగ్గర నుంచి భర్త అందుకున్నాడు. "ఊళ్ళో పరుపులన్నిటికీ వైద్యం చేస్తుంది. ఇంట్లో మాత్రం చాప మీద మూలుగుతుంది."

"నువ్వు గురక పెట్టకపోతే ఆ మూలుగు వినబడేది కాదులే," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

అక్కకీ నడుం నొప్పేనని అప్పుడు తెలిసింది. గట్టివీ, మెత్తవీ, స్ప్రింగువీ అన్నీ వేసుకుని చూసిందట. "ఒకదాని మీద పొద్దున బాగుంటుంది. కొన్నాళ్ళకి అదే పగబడుతుంది. నా నడుముకి ఏది సరిపోతుందో నాకే తెలీదు, నీ పెళ్ళాం నడుం సంగతి ఫోటోలో చూసి ఎలా చెప్పను?"

అయినా ఆటోలో మా ఇంటికి వచ్చింది. ముందు మా ఆవిడని అడిగింది. "కాలులోకి నొప్పి దిగుతోందా తల్లీ? తిమ్మిరులా? ఒంటేలుకి వెళ్ళడం కష్టంగా ఉందా? అవుంటే పరుపు సంగతి వదిలెయ్. వెంటనే డాక్టరు దగ్గరికెళ్ళు."

"అవేం లేవక్కా. లేవడమే కష్టం."

వెల్లకిలా పడుకోమని, నడుం కింద చెయ్యి దూర్చబోయింది. వేళ్ళు కూడా దూరలేదు. తుంటి దగ్గర మనిషి పరుపులోకి దిగిపోయింది. మా ఆవిడని లేపి, పరుపుకి అడ్డంగా చీపురు కర్ర పెట్టి చూపించింది. తను పడుకునే వైపు కర్రకీ గుడ్డకీ మధ్య నా పిడికిలి పట్టేంత గుంట ఉంది. మూల కుట్టు విప్పింది. మెత్తటి నురుగు పసుపుగా మారి, నలిపితే పొడి రాలింది. అక్క ఆ పొడిని పైట కొంగుతో తుడిచి, మళ్ళీ కుట్టేసింది.

"కింద చెక్క వేస్తే?" అని నేను అడిగాను.

"మంచం పట్టెలు వంగితే చెక్క పనికొస్తుంది. ఇక్కడ కుంగింది నురుగు."

చివరికి పరుపుని తలవైపుది కాళ్ళవైపుకి తిప్పించింది. గుంట నా పక్కకి వచ్చింది.

"ఇకనుంచి గోతిలో నువ్వు పడుకో," అంది నాతో.

"పెళ్ళయినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడక్కా," అంది మా ఆవిడ. చాన్నాళ్ళకి తన నోట వేళాకోళం విన్నాను.

ఇది కొన్నాళ్ళకేననీ, కొత్తది కొంటే మధ్యరకం చూసి, నచ్చకపోతే వాపసు తీసుకునే చోట కొనమనీ చెప్పింది. నొప్పి పోతుందా అని అడిగితే, "ఏమో తల్లీ. పోవాలి," అంది.

కొత్తది ఇంకా కొనలేదు. పొద్దున నొప్పి కొన్ని రోజులు తక్కువగా, కొన్ని రోజులు అలాగే ఉంటోంది. వ్యాయామాలు మానలేదు. ఏది పనిచేస్తోందో తేల్చలేకపోతున్నాను. అక్క షాపు ముందు నుంచి వెళ్తే, ఆవిడ దబ్బనం ఆపి, "ఎలా ఉంది?" అంటుంది. "అలాగే," అంటాను. తల వంచుకుని మళ్ళీ కుడుతుంది. ఈమధ్య పాత లేబుల్ కుట్టమన్నవాళ్ళకి దాని పక్కనే తెల్ల గుడ్డ ముక్క కుట్టి, లోపల ఏం పెట్టిందో చెరగని సిరాతో రాయిస్తోందట.

పరుపు తిప్పించిన ఆ రోజు, మా గుమ్మం దాటుతూ అక్క ఆగింది. పాప ఏడిస్తే మా ఆవిడ పడుకున్న చోటి నుంచే మెలి తిరిగి ఉయ్యాలలోకి చేతులు చాపడం చూసింది.

"అలా మెలి తిరక్కు తల్లీ. ముందు పక్కకి ఒత్తిగిలి కాళ్ళు కిందికి దించు. చేత్తో నొక్కుకుని లేచి కూర్చో. ఒరే తమ్ముడూ, అది నిటారుగా కూర్చున్నాకే పిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టు. అంతవరకూ పాప ఏడ్చినా ఫరవాలేదు."

ఇప్పుడు పాప ఏడుస్తుంది. మా ఆవిడ ఒత్తిగిల్లుతుంది, కాళ్ళు దించుతుంది, చెయ్యి నొక్కుకుంటుంది. నేను పాపని ఎత్తుకుని మంచం పక్కన నిలబడి, తను కూర్చునేదాకా ఆగుతాను.