నలభై వేలమంది అత్తయ్యలు

“‘త్వరపడండి!’ అంటే మీకు ఆకలేస్తుందా అక్కా? నాకైతే బస్సు తప్పిపోతుందేమోనని కంగారేస్తుంది.”

ఆమె ఉల్లిపాయలు తరుగుతూ చెబుతోంది. నేను వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని వింటున్నాను. ఇంటింటికీ భోజనం చేర్చే ఒక యాప్ ఆఫీసులో ఆమె పని, ఫోన్ తెర మీద టింగుమని మెరిసే ఆ రెండు ముక్కలు రాయడం. అందులోనూ వాన సాయంత్రాలవి ఆమె సొంతం. ఏ పేటలో చినుకు పడితే ఆ పేట ఫోన్లకే కబురు వెళ్తుంది. అదీ రోజుకి ఒక్కటే. అప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్ళకి వెళ్ళదు. నీళ్ళు నిలిచి డెలివరీవాళ్ళు తిరగలేని వీధులకి అసలే వెళ్ళదు.

ఇదివరకు ‘వాన! ఆఫర్! త్వరపడండి!’ అనే కేకలే వెళ్ళేవట. ఆమె మేనేజర్ ప్రాణం తోడేసి ఒక్క వారం గడువు సంపాదించింది. షరతు ఒకటే. విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేసుకునేవాళ్ళు ఆ వారం పెరిగారో, పాత కేకలే మళ్ళీ మొదలు. ఆమె వెళ్ళి మెనూల్లో అచ్చుతప్పులు దిద్దుకోవాలి.

“ఇంతకీ ఏం రాశావు?” అన్నాను.

“‘తడిసొచ్చారా? గొడుగు ఆరేసి కూర్చోండి. వంటకి ఓపిక లేకపోతే మేమున్నాం. రోడ్లు జారుతున్నాయి, మావాళ్ళు కాస్త మెల్లగా వస్తారు.’ అంతే.”

“మెల్లగా వస్తామని చెప్పుకునే కంపెనీ ఎక్కడైనా ఉందా?” హాల్లోంచి ఆమె అత్తగారి గొంతు.

“వింటున్నారుగా! ఈవిడే నా పరీక్షాధికారి. అసలు తంటా అంతా ఈవిడతోనే వచ్చింది.”

కబురు మొదట్లో ఒక ఖాళీ ఉంటుంది. యాప్‌లో పేరు ఇచ్చినవాళ్ళకి అక్కడ వాళ్ళ పేరు పడుతుంది. ఇవ్వనివాళ్ళకి, ముందే రాసిపెట్టిన ఒక పిలుపు పడుతుంది. అది ‘మిత్రమా’. అందరికీ పంపేముందు ఇంట్లో ఒకటి రెండు ఫోన్లకి పంపి చూసుకోవడం ఆమె అలవాటు. అత్తగారేమో యాప్‌లో పేరివ్వలేదు.

“నా పేరుతో వాళ్ళకేం పని?” అంది హాలు.

“అందుకని సరదాకి ‘మిత్రమా’ తీసేసి ‘అత్తయ్యా’ అని పెట్టా. పంపా. హాల్లోంచి ‘ఆరేశాన్లేవే!’ అని కేక. నవ్వుకున్నా. నవ్వుకుని, మార్చడం మర్చిపోయా.”

మర్నాడు సాయంత్రం ఆరింటికి ఊరంతా వాన. పేరివ్వని నలభై వేలమందికి, మీసాలున్నవాళ్ళతో సహా, ‘అత్తయ్యా, తడిసొచ్చారా?’ అని వెళ్ళిపోయింది.

“పంపింది వెనక్కి లాగలేం కదక్కా. నేను బల్ల కింద దూరిపోయా. కస్టమర్ కేర్ పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. సహాయం చాట్ నిండిపోయిందట.”

ఆ చాట్లు ఆమెకి కంఠతా వచ్చు. గొంతులు మార్చి మార్చి అప్పజెప్పింది.

‘అమ్మాయ్, నేను అత్తయ్యని కాదు, మావయ్యని. గొడుగు మాత్రం ఆరేశాను.’

‘నాకింకా పెళ్ళే కాలేదు, అప్పుడే అత్తయ్యనా?’

‘మా కోడలికి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఫోన్ చేసి అడిగాను. తను కాదట. నువ్వెవరి కోడలివి తల్లీ?’

‘గొడుగు బస్సులో మర్చిపోయాను. తిట్టకు.’

కత్తిపీట పక్కన పెట్టి ఆమె పొట్ట పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. ఉల్లిపాయలవో, నవ్వువో.

“మేనేజర్?”

“పొద్దున్నే లెక్క ముందేసుకుని కూర్చున్నాడు. ముఖంలో నవ్వన్నది లేదు. నాకూ లేదు. ‘ఆపేసుకున్నవాళ్ళు ఎంతమందో తెలుసా?’ అన్నాడు. మెనూల్లో అచ్చుతప్పులన్నీ కళ్ళముందు తిరిగాయి. ‘ఈ ఏడాదిలో ఏ వాన రోజూ ఇంత తక్కువ లేదు’ అన్నాడు. కుర్చీ మీంచి లేచి గెంతానక్కా! వారం గడిచింది, అంకె పెరగలేదు. వాన కబుర్లు ఇక నావే. కానీ కొత్త మెలిక పెట్టాడు. ‘మిత్రమా’ చప్పగా ఉందట, అత్తయ్యలాంటి పిలుపే కావాలట, మీసాలవాళ్ళకీ సరిపోవాలట.”

“అత్తయ్యే ఉంచెయ్,” అన్నాను.

“కుదరదు!” ఈసారి హాలు లేచి గుమ్మం దాకా వచ్చింది. “ఆ పిలుపు నాది. నలభై వేలమందికి పంచితే నాకేం మిగుల్తుంది?”

“చూశారా? ‘ఏమండీ’ అందామంటే మా ఆయన తలెత్తుతాడు. ‘బాబూ’ అంటే ఈవిడ కొడుతుంది.” కిటికీలోంచి మబ్బు చూసి ఆమె నా గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. “అక్కా, దారిలో బట్టల కొట్టు, మందుల షాపు, బస్ స్టాప్, ఎక్కడ ఎవరు కనబడినా ఒక్కటే అడగండి. తడిసి ఇంటికెళ్తే ముక్కూమొహం తెలీని మనిషి మిమ్మల్ని ఏమని పిలవాలి అని. రేపు సాయంత్రంలోగా నాకు చెప్పాలి. మీసాలవాళ్ళని మాత్రం తప్పకుండా అడగండి!”