నాయన పుట్టిన తేదీతో

మైదుకూరులో మాది పసుపు కొమ్ముల వ్యాపారం. మా ఇళ్లలో ఏ పని చేసినా ఇంటి పెద్ద పేరు మీదే చేస్తారు. లారీ మాట్లాడినా, గ్యాస్ బండ రాయించినా, రైలు టికెట్ తీసినా పేరు మా ఆయనదే. పిల్లలూ అదే చూసి నేర్చుకుంటారు. ఇంటర్ చదివే మా పాపకు ఇంగ్లీషు, కంప్యూటరు రెండూ వచ్చు. అందుకని మా ఆయన తన క్రెడిట్ కార్డును దాని చేతికే ఇచ్చి, తిరిగి అడగడం మరిచిపోయాడు. వీధిలో ఎవరు తిరుపతి పోవాలన్నా టికెట్లు తీసేది మా పాపే. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం బ్యాంకు కార్డుల విభాగం నుంచి అంగడికి ఫోన్ వచ్చింది. మీ కార్డు నుంచి బయటి దేశపు సైటుకు మళ్లీ మళ్లీ డబ్బు పోతోంది, వాడుతున్నది మీరేనా అని ఒకమ్మాయి అడిగింది.

"మా పాప వాడతాదమ్మా, రైలు టికెట్లకు" అన్నాడట ఈయన నవ్వుతూ.

"సార్, అది జూదం సైటు."

ఆయన అంగడి అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు. బేరం నడుస్తుండగా ఆయన అలా లేచి రావడం నేనెప్పుడూ చూడలేదు.

పాప అబద్ధమాడలేదు. అడగ్గానే చెప్పేసింది.

"పద్దెనిమిదేండ్లు నిండినాయా అని అడిగినారు మా. టిక్కు పెట్టినా. పేరు నాయనదే, కార్డూ నాయనదే. అందుకే పుట్టిన తేదీ కూడా నాయనదే పెట్టినా."

"కాగితమేమీ అడగల్యా?" అన్నాను.

"ల్యా. దుడ్లు కడితే సాలు, ఆడనిస్తారు."

పేకాట. ఒకసారి గెలిచిందట కూడా. గెలిచింది తీసుకోబోతే అప్పుడడిగారు, గుర్తింపు కార్డు స్కాన్ చేసి పంపమని. నాయనను ఆ గుర్తింపు కార్డు అడిగితే ఎందుకని అంటాడని భయపడి, ఆ డబ్బు అక్కడే వదిలి మళ్లీ ఆడింది. అదీ పోయింది, దాని వెంట కార్డులోదీ పోయింది. ఎంత గొప్ప వ్యాపారమో చూడండి! డబ్బు తీసుకునేటప్పుడు నువ్వెవరని అడగరు. ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం వయసు గుర్తొస్తుంది. ఆడింది మైనరు, ఖాతా మూసేయండని ఆ సైటువాళ్లకు రాయిస్తే, పాప పదో తరగతి సర్టిఫికెట్ పంపమన్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. పంపక ఏం చేస్తాం?

మరుసటి రోజు బ్యాంకుకు పోయాం. అక్కడి ఆఫీసరు మెల్లగా చెప్పాడు.

"కార్డు నువ్వే ఇచ్చినావు గదప్పా, మా తరఫున ఆ డబ్బు రాదు. కార్డు తుంచి పారేస్తే సాలదు. నెంబరు ఆ సైటులోనూ ఉండాది, మీ కంప్యూటర్లోనూ ఉండాది. ఈ నెంబరే మూయించు. కొత్తది తీసుకుంటే పరిమితి తగ్గించుకో, బయటి దేశాలకు పోకుండా ఆపించుకో. కార్డు వాడినప్పుడల్లా ఫోన్‌కు మెసేజ్ వచ్చేట్టు పెట్టించుకో. ఆ ఫోన్ మాత్రం నీ జేబులోనే ఉండాల."

అన్నీ చేశాం. మేడ మీది కంప్యూటర్‌ను నడిమింట్లోకి దించాం. పాపకు అందులో వేరే ఖాతా పెట్టి, జూదం సైట్లు తెరుచుకోకుండా కట్టడి చేయాలి. అది మా ఇద్దరికీ రాదు. పాపే నా పక్కన కూర్చుని నేర్పింది. యాడ నొక్కాలో చూపించి, పాస్‌వర్డ్ పెట్టాల్సిన చోటికి రాగానే లేచిపోయి గోడ వైపు తిరిగి నిలబడింది.

"నేను అడిగినా చెప్పొద్దు మా" అంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. అటు తిరిగిన ఆ చిన్న వీపును చూస్తుంటే నా గుండె చెరువైంది. బుద్ధి లేని పిల్లయినా బాగుండేది, ఇంత బాధ ఉండేది కాదు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. మా ఆయన దాన్ని ఒక్క మాటా అనలేదు. అంగడి నుంచి వచ్చి, అన్నం తిని, మాట్లాడకుండా పడుకునేవాడు. తిట్టినా బాగుండేదని పాప నాతో అనేది.

ఒకరోజు నేను వంటింట్లో బియ్యం ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"మా, పాస్‌వర్డ్ ఒక్కసారి చెప్పు."

"ఎందుకు పాపా?"

"సదువుకోవాల."

చదువుకు ఆ పాస్‌వర్డ్ అక్కర్లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేను బియ్యం ఏరుతూనే ఉంటే నా చేతులు పట్టుకుంది.

"ఒక్కసారే మా. పక్కింటన్న కార్డు ఇస్తానన్నాడు. పోయినవన్నీ తెచ్చి నాయన చేతిలో పెట్టి, మళ్లా జన్మలో ముట్టుకోను. నాయన నాతో మాట్లాడితే సాలు."

నా కూతురు డబ్బు ఆశతో అడగడం లేదు. నాయన కోసం అడుగుతోంది. అందుకే నాకు మరీ భయమేసింది. చాటను పక్కకు నెట్టి దాన్ని దగ్గరకు లాక్కున్నాను. అది నా భుజం మీద తల పెట్టి వెక్కుతూ అడిగింది.

"నన్ను నమ్మవా మా?"

ఆ పిల్లను కన్నతల్లిని నేను. "నమ్మను" అని చెప్పాను.