శుక్రవారానికి మారిన ఇంటర్వ్యూ

పాప ఒకటో తరగతిలో చేరాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాను. పెళ్ళికి ముందు అకౌంట్స్‌లో పనిచేసినదాన్ని. మధ్యలో వచ్చిన ఆరేళ్ళ ఖాళీ చూసి చాలామంది ఫోన్ కూడా చేయలేదు. చివరికి మా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. సోమవారం ఉదయం ఆఫీసుకు వచ్చి మేనేజరుగారిని కలవాలని చెప్పారు. అదే మొదటి పిలుపు. అది పోతే ఇంకొకటి వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

దానికి ముందు శుక్రవారం ఉయ్యూరులో అమ్మ వాళ్ళ చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థన. నేను చిన్నప్పుడు బైబిల్ వాక్యాలు కంఠస్థం చేసింది అక్కడి చాపల మీదే. మా వారిని పాపను చూసుకోమని చెప్పి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచి, సోమవారం ఇంటర్వ్యూ ఉందని చెప్పాను. సంఘమంతా చేతులెత్తి ప్రార్థించింది. నేను కూడా మోకరించి, ఏ తలుపు తెరిస్తే ఆ తలుపులో అడుగుపెడతాను, ఎదురు చెప్పను ప్రభువా అని మాటిచ్చాను.

ప్రార్థన మధ్యలో కాస్త విరామం ఇచ్చినప్పుడు ఫోన్ తీసి చూశాను. కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి నుంచి మెసేజ్ ఉంది. మేనేజరుగారు ఆడిట్ పని మీద చెన్నై వెళ్తున్నారట. ఇంటర్వ్యూ ఈరోజే మధ్యాహ్నం రెండు గంటలకు, వీడియో కాల్‌లో. స్క్రీన్ షేర్ చేసి చిన్న ఎక్సెల్ టెస్ట్ కూడా చేయాలి. దయచేసి కన్ఫర్మ్ చేయండి అని ముగించింది.

అప్పటికే పన్నెండు దాటింది. నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. లాప్‌టాప్ విజయవాడలో ఇంట్లో ఉంది.

పక్కనే కూర్చున్న అమ్మకు చూపించి సంగతి చెప్పాను. వెనక ఉన్న పెద్దమ్మ మెడ చాపి వింది.

"సోమవారం అని గదమ్మా ప్రార్థన చేశాం? ఇప్పుడు శుక్రవారం అంటే ఎట్టా?" అంది పెద్దమ్మ.

"దేవుడికి తెలియదా ఏంటి పెద్దమ్మా, ఏ వారమో" అన్నాను.

"తెలుసులే. మనకి గదా ముందు చెప్పాలి."

అమ్మకు కోపం వచ్చింది. "వాళ్ళకి మనుషులంటే లెక్క లేదా? ఇట్టా చివరి నిమిషంలో మారిస్తే ఎట్టా అని గట్టిగా రాయి."

నా వేళ్ళు మాత్రం 'ఓకే మేడమ్' అని టైప్ చేసేశాయి. ఎదురు చెప్పనని ఇప్పుడే కదా మాటిచ్చాను. ఆ తలుపు ఇదే అయి ఉంటుంది. వేళ మార్చమని అడగడమంటే దేవుడితో బేరమాడినట్టే అనిపించింది. ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కంప్యూటర్ మీద ఎలాగోలా చేసేస్తాను, ఆ పైన ఆయన చిత్తం అనుకున్నాను. రోడ్డు మీద లారీల మోత వినపడుతూనే ఉంది, షాపులో హాల్ టికెట్ల కోసం తోసుకునే జనం కళ్ళముందు కనపడుతూనే ఉన్నారు.

పాస్టరమ్మగారు మంచినీళ్ళ గ్లాసుతో అటు వచ్చారు. మా బాధ విని నా పక్కన చాప మీద కూర్చున్నారు.

"పంపావా?"

"ఇంకా లేదండీ. ఎదురు చెప్పనని ఇప్పుడే ప్రార్థించాను కదండీ."

ఆవిడ నవ్వారు. "బైబిల్లో రాజుగారికి ద్రాక్షారసం పాత్ర అందించే ఆ సేవకుడు ఏం చేశాడమ్మా? సండే స్కూల్లో నువ్వే చెప్పావు పిల్లలకి."

గుర్తుంది. పాడైపోయిన తన పట్టణాన్ని కట్టుకోవాలని అతని కోరిక. నీకేం కావాలని రాజు అడిగితే, లోపల్లోపలే ఒక్క క్షణం ప్రార్థించి, వెంటనే నోరు తెరిచి అన్నీ విడమరచి చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందో, దారిలో ఎవరికి ఉత్తరాలు కావాలో, కలప ఎక్కడి నుంచి రావాలో.

"అడిగితే రాజుకి కోపమొచ్చిందా? పంపించాడు కదా" అన్నారు ఆవిడ. "దేవుడికి లోబడమ్మా. ఆ అమ్మాయికి నువ్వెక్కడున్నావో చెప్పు. నువ్వు ఊళ్ళో లేవని ఆ పిల్లకి ఎట్టా తెలుస్తుంది?"

"కాదంటే ఇంకొకర్ని తీసుకుంటారేమోనండీ."

"కాదని ఎవరు అనమన్నారు? ఎప్పుడు అవుతుందో చెప్పు."

'ఓకే మేడమ్' చెరిపేశాను. అమ్మ చెప్పిన గట్టి మాటలూ రాయలేదు. కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాశాను. మార్పు తెలియజేసినందుకు ధన్యవాదాలు. ఈరోజు మాట్లాడటానికి నేను సిద్ధమే. ప్రస్తుతం ఊళ్ళో లేను, ఫోన్ మాత్రమే ఉంది కాబట్టి రెండు గంటలకు మాట్లాడగలను గానీ ఎక్సెల్ టెస్ట్ చేయలేను. అయిదు గంటలకైతే ఇంట్లో లాప్‌టాప్ ముందు రెండూ చేయగలను, రేపు ఉదయమైనా సరే. మీకు ఏది వీలో చెప్పి లింకు పంపండి, టెస్టుకు నా దగ్గర ముందే ఏమైనా ఉండాలా?

అమ్మ చదివించుకుని వింది. "వాళ్ళు చేసింది తప్పని ఒక్క ముక్కా రాయలేదే" అంది.

"రాస్తే ఏమొస్తదే? ఉద్యోగం వస్తదా?" అంది పెద్దమ్మ.

పంపాను. రెండు టిక్కులు పడ్డాయి, నీలం కాలేదు. జవాబు కోసం కూర్చోకుండా బస్టాండుకు బయలుదేరాను. జవాబు ఏదైనా ఇంటికి దగ్గరగా ఉండటమే మంచిది. లోపల మళ్ళీ పాట ఎత్తుకున్నారు.

బస్సు కంకిపాడు దాటాక ఫోన్ మోగింది. హెచ్ఆర్ అమ్మాయే. గొంతులో హడావుడి.

"మేడమ్, సారీ అండీ, సార్ ట్రిప్ పొద్దున్నే ఫిక్సయింది. అందరికీ ఒకటే మెసేజ్ కొట్టేశాను. అయిదుకి సార్ ఓకే అన్నారండి. టెస్ట్ గురించి అడిగి మంచి పని చేశారు, ఫైల్ ముందుగా పంపాలి, నేనే మర్చిపోయాను. ఇప్పుడే మెయిల్ చేస్తానండి."

"పర్లేదండీ. కాల్‌లో సార్ ఒక్కరే ఉంటారా?"

"సారూ, అకౌంట్స్ సీనియర్ ఒకాయనండి."

ఆ అమ్మాయి మీద మనసులో ఎంత నొచ్చుకున్నానో అంత జాలి కలిగింది. ఎంతమందికి ఫోన్లు చేసి ఎన్ని మాటలు పడుతోందో.

ఇంటికి చేరేసరికి మా వారు, నేను బస్సులోంచి ఫోన్‌లో చెప్పినట్టే, పాపను పక్కింటికి పంపి, టేబుల్ కిటికీ వెలుతురు వైపు జరిపి ఉంచారు. ఫైల్ తెరిచి చూసుకున్నాను. కొనుగోళ్ళ పట్టికను జీఎస్టీ పోర్టల్ వివరాలతో సరిపోల్చి, తేడా వచ్చిన బిల్లులు పట్టుకోవాలి. ఒకప్పుడు రోజూ చేసిన పనే. మొదట వేళ్ళు తడబడ్డాయి, తర్వాత వాటికే దారి గుర్తొచ్చింది.

కాల్‌లో మేనేజరుగారు నా మెసేజ్ సంగతి ఎత్తలేదు. ఆయనకు అది తెలిసినట్టే లేదు. నెమ్మదిగా జవాబిచ్చినందుకు నాకెవరూ మార్కులు వేయలేదు. నేను పని చేయగలిగిన చోట, పని చేయగలిగిన వేళ కూర్చున్నాను, అంతే. ఆరేళ్ళ ఖాళీ గురించి అడిగారు, ఉన్నది చెప్పాను. తేడా బిల్లులు చూపించాను. సీనియరుగారు ఒకచోట ఆపి, "ఇది ఎందుకు పక్కన పెట్టారమ్మా?" అన్నారు. సప్లయరు జీఎస్టీ నంబరులో ఒక అంకె తేడా ఉందని చెప్పాను. ఆయన తలూపారు.

మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. "నాకు ట్రైన్ టైమ్ అవుతోందమ్మా. మాకు ఓకే. ఆఫర్ లెటర్ రేపు పంపిస్తారు. సోమవారమే చేరగలరా?"

ఎప్పుడంటే అప్పుడే సార్ అన్న మాట పెదవుల దాకా వచ్చింది. లోపల ఒక్కసారి ప్రభువా అనుకున్నాను.

"చేరతాను సార్, సంతోషం. పాపకి స్కూల్ వ్యాన్ మాట్లాడుకోవాలి, ఒక్క వారం టైమ్ ఇవ్వండి. ఆ పై సోమవారం ఉదయం ఆఫీసులో ఉంటాను."

ఆయన సీనియరుగారి వైపు చూశారు.

"సరేనమ్మా, ఆ పై సోమవారం రండి" అన్నారు.