గడువులో వడ్డీ

మా నాయన ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. వడ్డీ లెక్క ఆయనకు నోటిమీద ఉండేది. పెద్దకడుబూరు నుంచి పత్తి తెచ్చిన రైతులు సేటు చెప్పిన లెక్క విని, బయటికొచ్చి మెట్ల మీద మా నాయనను మళ్లీ అడిగి గానీ బండి ఎక్కేవాళ్లు కాదు. నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. అయినా మా ఇంట్లో లెక్క అంటే ఆయనదే. నాది చదువుకున్న లెక్క, ఆయనది బతికిన లెక్క అని మా అమ్మ నవ్వేది. ఆ మాటకు నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. సేటు దగ్గర పత్తి కొన్న మిల్లువాళ్లకు డబ్బు కట్టడానికి ఇన్ని రోజులని గడువు ఇచ్చేవారు. గడువు లోపల కడితే పైసా వడ్డీ ఉండదు. గడువు దాటితే, దాటిన రోజు నుంచి నూటికి నెలకు రూపాయి. మా నాయన ముప్పై ఏళ్లు రాసింది ఇదే. గడువు అంటే ఆయన దృష్టిలో వడ్డీ నిద్రపోయే కాలం.

మా చెల్లికి బళ్లారిలో ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో సీటు దొరికింది. నాలుగేళ్ల చదువు, ఏడాదికి లక్ష. పక్క రాష్ట్రం కాబట్టి మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. చెల్లికి నర్సు కావాలని మాత్రమే కాదు, తర్వాత ఎమ్మెస్సీ చేసి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉండేది. చిన్నప్పుడు నా పాత చాక్‌పీసులు పట్టుకుని తలుపుల మీద రాస్తూ పాఠాలు చెప్పిన పిల్ల. నాయన, నేను కలిసి ఆదోనిలో బ్యాంకుకు పోయి చదువు అప్పు అడిగాం.

బ్యాంకులో ఉద్యోగి మంచివాడే. చదువు నాలుగేళ్లు, తర్వాత ఇంకో ఏడాది ఏమీ కట్టనక్కర్లేదనీ, ఆ తర్వాత ఏడేళ్లు నెలనెలా కట్టాలనీ, వడ్డీ ఏడాదికి నూటికి పన్నెండనీ చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"తహసీల్దారు ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్ తీసుకొచ్చి ఇయ్యండి పెద్దాయనా. మీ ఆదాయానికి గడువు కాలం వడ్డీ గవర్నమెంటే కడతాది. అశ్రద్ధ చేయొద్దు."

నాయన తల ఊపాడు. బయటికొచ్చి సైకిల్ తాళం తీస్తూ నాతో అన్నాడు.

"గడువులో వడ్డీ యాడిదప్పా? లేని వడ్డీకి సబ్సిడీ అంట. దానికోసరం నేను పోయి ఆ ఆఫీసులో నిలబడి, బీదోణ్ణి అని రాయించుకోవల్లనా? రేపు సేటుకు తెలిస్తే ఏమనుకుంటాడు?"

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో తూకం చీటీ ఒకటి తిరగేసి, దాని వెనక లెక్క వేశాడు. చెల్లి పక్కన కూర్చుని చూస్తూ ఉంది.

"నాలుగు లక్షలు. ఏడేండ్లలో తీర్చేది. అసలు నెలనెలా తరుగుతా పోతాది, కాబట్టి సగటున సగం మన మీద ఉండాది అనుకో. రెండు లక్షలకు నూటికి రూపాయి సొప్పున నెలకు రెండు వేలు. ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఏడేండ్లకు లక్షా అరవై ఎనిమిది వేలు. అసలూ వడ్డీ కలిసి ఐదు లక్షల అరవై ఎనిమిది వేలు. నెలకు ఏడు వేలు కూడా పడదు. నర్సు జీతంలో కట్టుకుంటావు కదమ్మా?"

"కడతా నాయనా. మిగిలింది ఎమ్మెస్సీకి ఎత్తిపెట్టుకుంటా," అంది చెల్లి.

వారానికి బ్యాంకు నుంచి అప్పు మంజూరు కాగితం వచ్చింది. అంతా ఇంగ్లీషు. నాయన నా చేతికిచ్చాడు. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. చదువు కాలంలోనూ, తర్వాతి ఏడాదిలోనూ పడిన వడ్డీని అసలుకు కలిపి, ఆ మొత్తం మీద నెలవారీ వాయిదాలు కట్టాలని దాని అర్థం. పిల్లల పేపర్లు దిద్దే పెన్సిలు చేతిలోనే ఉంది. దాని కింద సన్నగా గీత గీశాను.

"నాయనా, గడువులో కూడా వడ్డీ పడతాదని ఉన్నట్టుందే," అన్నాను.

"నువ్వు నాకు వడ్డీ నేర్పుతావా?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. అమ్మ కూడా నవ్వింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. మళ్లీ బ్యాంకుకు పోయి ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులకేం కరువు? ఆయన పరువు పోతుందని ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన చేత ఇంకోసారి నవ్వించుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఐదేళ్లు గడిచాయి. ఏటా ఫీజు డబ్బు కోసం నాయన బ్యాంకుకు పోయి సంతకం పెట్టి వచ్చేవాడు. ఇప్పటికి ఎంతయిందని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. చెల్లి చదువు ముగించి బళ్లారిలోనే ఒక ఆసుపత్రిలో చేరింది. జీతం పదిహేను వేలు. గదికీ తిండికీ ఐదు వేలు. నాయన చెప్పిన వాయిదా పోను నెలకు మూడు వేల చిల్లర మిగులుతుంది, మూడేళ్లు కూడబెడితే ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఫీజు వస్తుంది. ఇదంతా ఒక నోటుబుక్కులో రాసుకుంది.

వాయిదాలు మొదలయ్యే ముందు ముగ్గురం బ్యాంకుకు పోయాం. అప్పటికి పాత ఉద్యోగి బదిలీ అయ్యాడు, కొత్త అమ్మాయి ఉంది. ఆమె లెక్క కాగితం తీసి ఇచ్చింది. నాయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. అసలు నాలుగు లక్షలు. వడ్డీ లక్షా అరవై ఎనిమిది వేలు. మొత్తం ఐదు లక్షల అరవై ఎనిమిది వేలు.

ఆయన ముఖం వెలిగిపోయింది. జేబులో దాచిన ఆ తూకం చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా, ఐదేండ్ల కింద వేసింది. రూపాయి తేడా లేదు."

ఆ అమ్మాయి చీటీ చూసి, కాగితం చూసి, వడ్డీ వరస మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"సార్, ఇది ఇప్పటిదాకా అయిన వడ్డీ. మొదటి లక్షకు ఐదేండ్లు, అరవై వేలు. రెండో లక్షకు నాలుగేండ్లు, నలభై ఎనిమిది. మూడోదానికి ముప్పై ఆరు, నాలుగోదానికి ఇరవై నాలుగు. ఇప్పుడు మీ అసలే ఐదు లక్షల అరవై ఎనిమిది వేలు. దీనిమీద ఏడేండ్లు కట్టాల. నెలకు పది వేల ఇరవై ఏడు."

నాయన చీటీలో ఉన్నదీ, బ్యాంకు కాగితంలో ఉన్నదీ ఒకే అంకె. ఆయనకు అది అప్పు తీరే చోటు, బ్యాంకుకు అది అప్పు మొదలయ్యే చోటు. అట్లాంటి వెక్కిరింత దేవుడికి మాత్రమే చేతనవుతుందని అప్పుడనుకున్నాను. దేవుణ్ణి తిట్టుకోవడం సులభం కదా.

నేను ఫోన్‌లో లెక్క కట్టాను. నెలకు పది వేల ఇరవై ఏడు చొప్పున ఎనభై నాలుగు నెలలకు ఎనిమిది లక్షల నలభై రెండు వేల పైమాట. నాలుగు లక్షల అప్పుకు నాలుగు లక్షల నలభై రెండు వేల వడ్డీ. గడువులో వడ్డీ పడకపోయి ఉంటే, బ్యాంకు పద్ధతిలో కట్టినా వడ్డీ రెండు లక్షలు దాటదు. నాయన సగటు లెక్కలో తప్పు చిన్నదే. ఆయన నిద్రపోతోందనుకున్న వడ్డీ ఐదేళ్లూ మేలుకునే ఉంది.

నాయన మూడో రోజున ఎవరికీ చెప్పకుండా తహసీల్దారు ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అన్నేళ్లు రాయించుకోనన్నది రాయించుకున్నాడు. ఆదాయం సర్టిఫికెట్ చేతికి రాగానే నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయాడు. సబ్సిడీ ఏ ఏటికా ఏడు అడగాల్సిందనీ, ఇప్పుడు తీసుకోవడం కుదరదనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆయన సర్టిఫికెట్‌ను నాలుగు మడతలు పెట్టి, చీటీ ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ వడ్డీ లెక్క చెప్పలేదు. రైతులు అడిగితే, "సేటునే అడుగప్పా," అనేవాడు.

చెల్లి జీతం వచ్చిన రోజే వాయిదా కట్టేసి నాకు ఫోన్ చేసేది. "కట్టేసినా అన్నా." అంతే. గదికీ తిండికీ పోను ఆమెకు చేతిలో పైసా మిగిలేది కాదు. మొదట్లో నెలకు రెండు వేలు పంపాను. నా పెళ్లయ్యాక అది తగ్గింది, తర్వాత ఆగింది. ఎందుకాగిందని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆమె జీతం పెరిగినప్పుడల్లా ఆమె పంపే నాయన మందుల ఖర్చూ పెరిగింది. ఎమ్మెస్సీ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఆమెతో చదివిన ఒకమ్మాయి ఎమ్మెస్సీ చేసి, తను పాఠం చెప్పే నర్సింగ్ పిల్లలను చెల్లి పనిచేసే వార్డుకే ట్రైనింగుకు తెచ్చేది. చెల్లి వాళ్లకు సెలైన్ ఎక్కించడం చూపించేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆఖరి వాయిదా అయిపోయింది. బ్యాంకులో బాకీ లేదని కాగితం తీసుకుని, నేనూ చెల్లీ ఆదోని బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. చెల్లి ఇంట్లోని పాత కాగితాలన్నీ ఫైలులో తెచ్చింది. చింపేయాల్సినవి వేరు చేస్తూ మంజూరు కాగితం దగ్గర ఆగింది. ఈ పన్నెండేళ్లలో ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే బాగైంది. రెండో పేజీ చదివింది. వేలుతో ఆ గీతను తడిమింది.

"ఇది నీ పెన్సిలే కదన్నా?"

"ఆఁ."

"ఎప్పుడు గీసినావు?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. నోరు రాలేదు.

"కాగితం వచ్చిన రోజే."

ఆమె కాగితాన్ని చింపలేదు. మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. బళ్లారి బస్సు వచ్చింది. "నాయనకు బీపీ మాత్ర గుర్తుచెయ్," అని చెప్పి ఎక్కింది. నా వైపు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా అవతలి వైపు కూర్చుంది.

ఇప్పుడు ఆమె నాయనకు ఫోన్ చేస్తుంది. అన్న బాగుండాడా అని ఆయన్ని అడుగుతుంది. బాగుండాడమ్మా అని ఆయన చెప్తాడు. నేను అదే గదిలో ఉన్నప్పుడు కూడా ఫోన్ నా చేతికి ఇమ్మని అడగదు.