హమ్మూదా చావాలా, బతకాలా?

కెర్కెన్నా దీవుల రేవులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే సలీహాకు నోరు పెద్దదని దీవంతా చెప్పుకుంటుంది. నిజమే కానీ, చెవి అంతకంటే పెద్దది. ఫెర్రీ కోసం వరసలో నిలబడ్డవాళ్ళు ఏం మాట్లాడుకున్నా, మాటతో పాటు దాని విరుపు కూడా ఆమెకు గుర్తుండిపోతుంది. తండ్రి పోయాక చదువు మానేసి, పద్దెనిమిదేళ్ళకే ఆ కిటికీలో కూర్చుంది. అప్పట్నుంచీ దీవి మాటలన్నీ ఆమె దగ్గరే పోగుపడ్డాయి.

ఆమె స్నేహితురాలు వసీలాది మరో తీరు. ఇద్దరూ దీవిలోని రమ్లా ఊళ్ళో ఒకే సందులో పెరిగారు. వసీలా సముద్రం అవతలి పట్నం స్ఫాక్స్‌లో లెక్కల పంతులమ్మ, వారం చివర ఫెర్రీలో ఇంటికొస్తుంది. మూడు మాటల్లో అయ్యేదానికి నాలుగో మాట వాడదు. ఈ ఇద్దరూ కలిసి ఒక నవల రాస్తున్నారని తెలిసినప్పుడు, ఉప్పూ నిప్పూ ఒక గిన్నెలో వండుతున్నారని అందరూ నవ్వారు.

కథ చేపల కంచెది. లోతు తక్కువ సముద్రంలో ఖర్జూరపు మట్టలు పాతి, చేపల్ని దారి మళ్ళించే కంచె. హమ్మూదా అనే బెస్త గాలివానలో వెళ్ళి తిరిగి రాడు. కూతురు జాజియా ఆ కంచె పనిని తన మీద వేసుకుంటుంది.

మొదట ఒకరి తర్వాత ఒకరు అధ్యాయాలు రాశారు. మహా అధ్వానంగా వచ్చింది. వసీలా అధ్యాయాల్లో హమ్మూదా కోర్టులో వకీలులా మాట్లాడేవాడు. సలీహా అధ్యాయాల్లో అందరూ బ్రహ్మాండంగా మాట్లాడుకునేవారు గానీ ఒక్కరూ గడప దాటేవారు కాదు. జాజియా వయసు ఒకచోట పద్దెనిమిది, తర్వాత అధ్యాయంలో పదహారు.

"మనం కథ రాయట్లేదే, పోటీ పడుతున్నాం," అంది వసీలా.

ఆ రోజు సలీహా వంటింట్లో, ఆక్టోపస్ కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, పని పంచుకున్నారు. ఏం జరగాలి, ఏది ముందు, ఏది వెనక అన్నది వసీలాది. ఎవరు ఏమంటారు, ఎలా అంటారు అన్నది సలీహాది. ప్రతి అధ్యాయానికీ వసీలా ముందు ఒక పేజీ నడక రాసిస్తుంది. సలీహా దాన్ని పూర్తిగా రాస్తుంది. తర్వాత వసీలా చదివి, తప్పనుకున్నచోట ఎర్రగీత, అడగాలనుకున్నచోట నీలంగీత పెడుతుంది. అవతలి మనిషి వాక్యాన్ని చెప్పకుండా కొట్టెయ్యకూడదు. అసలు రాతప్రతి ఒకటే ఉంటుంది, అదీ వసీలా దగ్గరే. తేలని పేచీ ఉన్న పేజీని హరీసా కారం అయిపోయిన ఖాళీ డబ్బాలో పెట్టి ముందుకు పోవాలి. కథ ముందుకెళ్ళేకొద్దీ ఆ పేచీల్లో సగం వాటంతటవే చచ్చిపోయేవి.

ఏళ్ళ తరబడి అలా బాగానే సాగింది. రాజధాని ట్యూనిస్‌లో ఒక ప్రచురణకర్త సగం పుస్తకం చదివి, వేసవి అయ్యేలోగా మిగతాది పంపమన్నాడు. అప్పుడు వసీలా చివరి నడక రాసిచ్చింది: హమ్మూదా టోపీ ఒడ్డుకు కొట్టుకొస్తుంది, జాజియా ఎదురుచూడటం మానేస్తుంది.

సలీహాకు గుండెల్లో కలుక్కుమంది. హమ్మూదా నోట్లో మాట పెట్టింది తను. ఇన్నేళ్ళు వాడి గొంతు విన్నది తను. ఆ పేజీ డబ్బాలో వెయ్యాల్సింది, వెయ్యలేదు. చెప్పాపెట్టకుండా హమ్మూదాను పడవెక్కించి ఇంటికి తెచ్చేసి, అదే అసలు అధ్యాయమన్నట్టు వసీలాకు ఇచ్చింది.

వసీలా చదివింది. గీత ఒక్కటీ పెట్టలేదు.

"నువ్వే పూర్తి చేసుకోవే. నీ పేరే వేసుకో," అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి వారం ఫెర్రీలో రాలేదు, ఆపై వారమూ రాలేదు.

సలీహా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుంది. జన్మలో తనదంటూ మొదలుపెట్టిన పని ఇదొక్కటే, దీన్ని సగంలో వదిలితే ఆ కిటికీలో కూర్చుని మిగతా రోజులు ఎలా గడపాలి? ఒంటరిగా పూర్తి చేస్తే మళ్ళీ గడప దాటని మనుషులే మిగులుతారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. సెలవు పెట్టి, తన కిటికీలోనే టికెట్ కొనుక్కుని, స్ఫాక్స్ వెళ్ళి వసీలా తలుపు కొట్టింది.

"నువ్వా? తప్పు ఒప్పుకోవడానికొచ్చావా, పోట్లాటకొచ్చావా?"

"రెంటికీ. చెప్పకుండా మార్చడం నాదే తప్పు. హమ్మూదా చావడం మాత్రం నీ తప్పు."

"ఏం జరగాలన్నది నాది అనుకున్నాంగా!"

"మనిషి ఎలాంటివాడన్నది నాదిగా! వాడు చచ్చే రకం కాదే."

ఇద్దరిదీ న్యాయమే. పేచీ సరిగ్గా గట్టు మీద పడింది, అటూ ఇటూ కాకుండా. అప్పుడు సలీహాకు, చేపల కంచె వేసుకుని బతికిన తండ్రి గుర్తొచ్చాడు. పక్క కంచె వాడితో తగువొస్తే ఆయన తన వాదన చెప్పేవాడు కాదు. ముందు అవతలివాడి వాదన తను చెప్పి, "ఇదేనా నీ బాధ?" అని అడిగేవాడు. వాడు "ఇదే" అనేదాకా చెబుతూనే ఉండేవాడు. తర్వాత వాడూ అలాగే చెయ్యాలి.

"నీ ముగింపు నేను రాస్తా. నా ముగింపు నువ్వు రాయి. 'ఇది నాదే' అని అవతలి మనిషి ఒప్పుకునేదాకా రాద్దాం. ఆ తర్వాతే తగువు," అంది.

వసీలా పొయ్యి మీద నీళ్ళు పెట్టి, "టీ తాగుతావా?" అంది. ఒప్పుకున్నట్టే.

సలీహా రాసిన చావును వసీలా రెండుసార్లు తిప్పికొట్టింది. "చదివినవాళ్ళు నన్ను తిట్టుకోవాలని చంపావే వీణ్ణి. సరిగ్గా చంపు!" మూడోసారి రాస్తుంటే సలీహాకు వసీలా బాధ అర్థమైంది. తండ్రి తిరిగొస్తే, ఇన్ని అధ్యాయాలుగా జాజియా కట్టిన కంచె మళ్ళీ ఆయన చేతికే పోతుంది. పిల్ల పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. అది చదివి వసీలా, "ఇదే నా బాధ," అంది.

వసీలా రాసిన తిరిగిరాకలో కౌగిలింతలు లేవు. హమ్మూదా నీళ్ళలో నడిచొచ్చి, మట్టలు దిగగొట్టే సుత్తి కోసం చెయ్యి చాపుతాడు. జాజియా ఇవ్వదు. "ఆ చివర నీది, ఈ చివర నాది, నాన్నా. మధ్యలో విరిగితే ఇద్దరం కలిసి కడదాం."

జీవితంలో ఎన్నడూ సంభాషణ రాయని లెక్కల పంతులమ్మ రాసిన మాట అది! సలీహాకు అసూయతో కడుపు మండింది. ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి.

"ఇదే," అంది.

"ఇదైతే చివర్లో పెట్టకూడదు," అంది వసీలా. "ముందే రావాలి. ఒక కంచె మీద ఇద్దరు ఎలా బతుకుతారో చూపించాలి. నా రెండు అధ్యాయాలు కూలగొట్టాలి."

"నీకిష్టమైనవి కదే."

"అవును. నీ పెళ్ళిపందిరి ముచ్చట్లు కూడా పోతాయి మరి."

"అయ్యో! సరే, పోనీ."

వేసవంతా కూర్చున్నారు. పుస్తకం మొత్తం పైకి చదువుకున్నారు. ఒకరు చదివితే ఒకరు విని, నాలుక తడబడ్డచోట ఆపేవారు. ఆఖరిసారి మొత్తాన్ని వసీలా ఒక్కతే సరిచేసింది, రెండు చేతుల అతుకు కనబడకుండా. ఏది ఎవరు రాశారో ఎప్పటికీ, ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ షరతు పెట్టింది సలీహాయే.

పుస్తకం వచ్చిన శీతాకాలంలో ఒక రోజు, ఎండు ఆక్టోపస్ అమ్మే హల్లూమా కిటికీలో తలదూర్చి కళ్ళొత్తుకుంది.

"'ఆ చివర నీది, ఈ చివర నాది...' ఈ మాట నా గుండెల్లో దిగిందే, సలీహా! నీ నోటి మాట కాదూ? ఆ లెక్కల పిల్లకి ఇట్టాంటివి ఎక్కడొస్తాయి!"

వరసలో ఆమె వెనకే వసీలా నిలబడి, రొట్టెల సంచీ పట్టుకుని సముద్రం వైపు చూస్తోంది. నిజం సలీహా నాలుక చివరిదాకా వచ్చింది. పొగడ్త వసీలాది, దొంగసొత్తులా తన ఒళ్ళో పడింది. కానీ ఒట్టు ఒట్టే. ఎర్రబడ్డ ముఖంతో టికెట్ చింపి ఇచ్చింది.

"ఇద్దరం రాశాం పిన్నీ. ఇద్దరం. పద, వెనక మనుషులున్నారు."

తర్వాత వసీలా వంతు వచ్చింది. డబ్బులు అందిస్తూ సలీహా వేళ్ళు ఒక్కసారి గట్టిగా నొక్కింది.