పొగాకు మల్లె పక్కన నిలబడ్డ ఆసామి

అరవైల్లో, పర్చూరు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పడానికి కొత్తగా చేరాను. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. పుస్తకంలో మందారం బొమ్మ చూపిస్తే పిల్లలు ఆకర్షక పత్రాల దగ్గర్నుంచి అండాశయం దాకా గడగడా అప్పజెప్పేవాళ్ళు. బడి గోడ వారన మొలిచిన ఉత్తరేణిని చూపించి ఇదేమిటర్రా అంటే "కలుపండీ" అనేవాళ్ళు. ఉమ్మెత్త చూపించినా కలుపే, పల్లేరు చూపించినా కలుపే. నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళందరినీ ఓ ఆదివారం పొలాల మీద తిప్పి, ప్రతి మొక్కనీ పేరు పెట్టి పిలిచేలా చేస్తానని స్టాఫ్ రూములో శపథం లాంటిది చేశాను.

హెడ్మాస్టరుగారు మంచివారే గాని ఆర్భాటం మనిషి. ఆయన బావమరిదికి చీరాలలో ఫోటో స్టూడియో ఉంది. అక్కడి నుంచి ఒక డబ్బా కెమెరా, ఒక రీలు తెప్పించారు. పన్నెండు బొమ్మలొస్తాయి. "పిల్లల చేతే తీయిద్దామమ్మా. ఆల్బం చేసి గుంటూరు సైన్సు ప్రదర్శనకి పంపుదాం" అన్నారు. పన్నెండు బొమ్మలు, నలభై మంది పిల్లలు. ఎవడు ఏం తీస్తాడోనని భయమేసి, రాత్రి కూర్చుని ఒక నోటు రాశాను. మర్నాడు బోర్డు మీద రాసి అందరి చేతా పుస్తకాల్లో ఎక్కించాను.

నా నోటు గురించి నాకు ఇప్పటికీ గర్వమే. మొక్కని పీకవద్దు, అది ఉన్నచోటే ఉన్నట్టుగా తీయండి అని మొదలుపెట్టాను. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి, కాని మీ నీడ మొక్క మీద పడకూడదు. మొదలు నుంచి చివరి దాకా మొక్క మొత్తం కనబడాలి. ఎత్తు తెలిసేలా పక్కన అడుగుబద్ద నిలబెట్టండి. ఈ కెమెరాతో ఒక బార కన్నా దగ్గరికి వెళితే బొమ్మ మసకబారుతుంది, కాబట్టి ఆకునీ పువ్వునీ ఫోటో తీయాలని ఆశపడకుండా పెన్సిలుతో గీయండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా, ఆకు తిరగేస్తే అడుగున నూగు ఉందా, అన్నీ చూడండి. ఫోటోలో రంగు పడదు గనుక పువ్వు రంగు తప్పక రాయండి. పాలు కారితే కంట్లో పడనివ్వకండి. ఊళ్ళో వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో అడిగి అదే రాయండి. చివరగా, మొక్క ఎక్కడ దొరికిందో, గట్టునా చేలోనా, ఏ నేలలోనో, ఎవరి పొలంలోనో రాయండి.

ఆ చివరి మాటే కొంప ముంచింది.

పిల్లలు ఇంటికెళ్ళి నోటు బిగ్గరగా చదివారు. పెద్దవాళ్ళు విన్నారు. ఆకుల అమరిక గురించి ఎవరికీ పట్టలేదు. ఫలానా వారి చేలో కలుపు ఉందని ఫోటో తీసి, ఆసామి పేరు రాసి గుంటూరు పంపుతారట అన్నది మాత్రం అందరికీ పట్టింది. ఆ ఊళ్ళో కలుపున్న చేను అంటే మాసిన పంచెతో పెళ్ళికి వెళ్ళినంత నామోషీ. మర్నాటి నుంచి ఊరు ఊరంతా కలుపు తీతల్లో పడింది. మిరప చేలల్లో గొర్రు తోలారు. పత్తి సాళ్ళలో ఆడవాళ్ళు వంగిన నడుం ఎత్తలేదు. గట్లు గీకారు. డొంక పక్కన ఎవరిదీ కాని జిల్లేడు పొదలు కూడా నరికేశారు. నేను అద్దెకున్న ఇంటామె నేను నీళ్ళకెళ్ళి వచ్చేలోపు పెరట్లో తులసి తప్ప అన్నీ పీకేసి, "చూసుకోండమ్మా, మా ఇంట్లో ఏమీ లేదు" అంది, నేనేదో సోదాకి వచ్చినట్టు.

శుక్రవారం సాయంత్రం ఒకాయన వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. నడివయసు దాటిన మనిషి. ఊరి చివర పొగాకు పొలం కౌలుకి చేస్తాడు, కూతురు నా దగ్గరే చదువుతోంది. ఆదివారాలు చర్చిలో డోలక్ కొట్టేదీ ఆయనే.

"పంతులమ్మగారూ, మా చేను వైపు రామాకండి" అన్నాడు.

"ఎందుకని?"

"మల్లె పడిందండి."

నేను మల్లెపూల మల్లె అనుకునేంత తెలివితక్కువదాన్నేం కాదు. పొగాకు మల్లె ఆకుపచ్చదనమే లేని మొక్క. పొగాకు వేళ్ళని పట్టుకుని, వాటి సారం పీల్చుకుని, జానెడు ఎత్తున పాలిపోయిన కాడలా పైకొచ్చి పూస్తుంది. పుస్తకంలో చదివానే గాని చూడలేదు. నా మొహం వెలిగిపోయి ఉంటుంది, ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

"నవ్వమాకండమ్మా. దాని గింజలు దుమ్ములాగుంటాయి. ఒకసారి రాలితే ఏళ్ళ తరబడి భూమిలోనే ఉంటాయి. పొలం చెడగొట్టానని భూమి గల ఆసామి ఉగాదికి నన్ను కౌల్లోంచి దించేస్తాడు. ఆయనకి మల్లె అంటే ఏందో తెలవదనుకోండి, గుంటూరులో మిల్లు చూసుకునే మనిషి. కానీ చెప్పేవాళ్ళు బోలెడుమంది. నా కౌలు కోసం కాచుకు కూచున్నోళ్ళున్నారు. ఇన్నేళ్ళుగా చేస్తన్నట్టు కాయితం ఉంటే ఊరికే దించలేరంట. నాకు కాయితమా, పాడా? నోటి మాటే గదండీ."

"పోనీ, అక్కడికి రాము" అని ఉంటే సరిపోయేది. నాలోని సైన్సు టీచరు ఒప్పుకోలేదు. "దొరికిన చోటు రాయకపోతే ఆ మొక్క గురించి రాసినట్టే కాదండీ" అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "అయితే ఆదివారం లోపు మొత్తం పీకేస్తా" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆ మాట నన్ను కాల్చింది. ఆయనకి తిండి గింజల సంగతి, నాకు ఆల్బం సంగతి. అయినా నోటు దిద్దడానికి మనసొప్పలేదు.

ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక, అక్కడికెళ్ళిన పిల్లలు కూడా వచ్చి కలిశాక బయలుదేరాం. ముందు కెమెరా మెడలో వేసుకున్న హెడ్మాస్టరుగారు, వెనక అడుగుబద్దలతో నలభై మంది. ఊళ్ళో ఒక్క మొక్క లేదు. నిజంగా లేదు. పైరు తప్ప పచ్చనిదేదీ కనబడలేదు. కలుపంతా కుప్పలు కుప్పలుగా సరిహద్దు గట్ల మీద వాడిపోయి ఉంది. ఎవరికి వారు రాత్రికి రాత్రి పక్కవాడి వైపు తోశారు. పక్కవాడు తెల్లారి తిరిగి ఇటు తోశాడు. పిల్లలు నోటు ప్రకారం ఒక కుప్ప పక్కన అడుగుబద్ద నిలబెట్టి, ఇది ఎవరి పొలం అని అడిగారు. ఇద్దరు రైతులు అటొకరు ఇటొకరు నిలబడి, "వాళ్ళదే" అని ఒకేసారి చెయ్యి చూపించారు. ఆ బొమ్మ ఒకటి వృథా అయింది.

అలా తిరిగి తిరిగి ఊరి చివరికి వచ్చేసరికి, పొగాకు చేను గట్టు మీద ఇస్త్రీ పంచె, జరీ కండువాతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. గుంటూరు ఆసామి. తన పొలాన్ని ఫోటో తీస్తారని ఎవరో చెబితే కారు వేసుకుని వచ్చాడు. పక్కన కౌలుదారు చేతులు కట్టుకుని, చర్చికి వేసుకున్న చొక్కాతోనే నిలబడ్డాడు.

"ఏమ్మా, ఎక్కడ నిలబడమంటావ్?" అన్నాడు ఆసామి.

మేం మొక్కల్ని తీస్తున్నామని చెప్పాను. ఆయన నవ్వాడు. మనిషి లేని ఫోటో ఏం ఫోటో అన్నాడు. "ఎత్తు తెలియడానికి పక్కన ఏదో పెడతారటగా. ఆ బద్ద ఎందుకు, నేను లేనూ?" అంటూ పంచె ఎత్తి పట్టుకుని చేలో దిగాడు. సాలు మధ్యకెళ్ళి, ఫోటో స్టూడియోలో లాగా గడ్డం ఎత్తి నిలబడ్డాడు.

ఆయన కుడికాలి పక్కన, పొగాకు మొదట్లో, ఒకే ఒక్క మల్లె. పీకగా మిగిలిందో, పొద్దున్నే మట్టి చీల్చుకుని లేచిందో. లేత పసుపు కాడ, దానికి నీలం జీర ఉన్న తెల్లటి పూలు. నేనూ చూశాను, కౌలుదారూ చూశాడు. ఆయన కళ్ళలో ప్రాణం లేదు.

ఆసామి కూడా కిందికి చూశాడు. "ఏరా, ఇదేం పువ్వురా?"

"మల్లెండి" అన్నాడు కౌలుదారు.

"భలే ఉందే! మన పొలంలో ఇంత మంచి పువ్వు పూస్తుందని ఒక్కనాడైనా చెప్పావా? ఒకటే వేశావేం? వచ్చే ఏడు సాలుకో పది వెయ్యి." ఆ తర్వాత నా వైపు తిరిగి, "పువ్వు కూడా పడాలమ్మా. పొలం నాదని నా పేరు రాయి" అన్నాడు.

పిల్లలు నోటు ప్రకారం సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకుని, బారకి మించిన దూరంలో నిలబడి, మొక్క మొత్తం, ఆసామి మొత్తం పడేలా తీశారు. పుస్తకాల్లో రాసుకున్నారు. ఆకులు లేవు, గోధుమ రంగు పొలుసులున్నాయి. ఆకుపచ్చ ఎక్కడా లేదు. పొగాకు వేరు మీద బతుకుతుంది. ఎత్తు ఆసామిగారి పిక్క సగానికి. దొరికిన చోటు ఫలానా ఆసామిగారి సొంత పొలం. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆల్బం గుంటూరు వెళ్ళింది. అక్కడ వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన ఆ పేజీ దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. చేనుకి పట్టిన చీడని పక్కన పెట్టుకుని ఇంత దర్జాగా ఫోటో దిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదని నలుగురికీ చూపించాడట. ఆ నలుగురిలో ఇద్దరు ఆసామిని ఎరిగిన మిల్లు వాళ్ళు.

వారం తిరక్కుండా ఆసామి మా బడికి వచ్చాడు. కౌలుదారుని కూడా వెంట తెచ్చాడు. కౌలు నుంచి దించేస్తున్నానని నా ముందే చెబుతాడనుకున్నాను. కాని ఆసామి ధోరణి వేరేగా ఉంది.

"నన్ను నవ్వులపాలు చేశారు. ఆ పొలం నాదని ఎందుకు రాశారు?"

"మీరే రాయమన్నారు కదండీ."

"దిద్దండి. ఆ పొలం సాగు చేసేది వీడు. మల్లె వీడిది. నాకేం సంబంధం లేదు."

బళ్ళో ఏది దిద్దినా పక్కన సంతకం ఉండాలని, ఆల్బం ప్రదర్శనకి వెళ్ళొచ్చింది గనుక ఆయన చేత్తోనే రాయాలని హెడ్మాస్టరుగారు మహా గంభీరంగా అన్నారు. ఏళ్ళ తరబడి ఆ పొలం గురించి ఒక చీటీ ముక్క కూడా ఇవ్వని మనిషి పెన్ను తీసి, ఈ భూమి ఫలానా వాడి సాగులో ఉంది అని కౌలుదారు పేరుతో సహా రాశాడు.

కౌలుదారు అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

"అయ్యగారూ, ఎన్నేళ్ళ నుంచి చేస్తన్నానో కూడా రాయండి. లేకపోతే మల్లె మీ హయాంలోనే పడిందనుకుంటారు."

ఆసామి ఆలోచించాడు. నిజమేననిపించినట్టుంది.

"ఎన్నేళ్ళురా?"

"తొమ్మిదండి."

ఆయన అదీ రాసి, కింద సంతకం పెట్టి, ఎందుకైనా మంచిదని తేదీ కూడా వేశాడు.